తెల్లగా కనిపించిన నీళ్ళు

రాడార్ చిత్రంలో నీళ్ళు నల్లగా ఉంటాయి. ఈ ఒక్క మాట నమ్ముకుని ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. పలాసలో మా ఆఫీసు మేడ మీద ఒక గది ఉంది. కిటికీ తీస్తే జీడిపిక్కలు కాల్చిన వాసన, మూస్తే ఉక్కపోత. అక్కడ కూర్చుని వరదలొచ్చినప్పుడల్లా ఏ ఊరి పొలం నీళ్ళలో ఉందో పటం గీసివ్వడం నా పని. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా పటం కింద పేరు నాదే ఉంటుంది. అందుకే నాకు కాస్త పొగరని ఆఫీసులో అంటారు. కాస్త కాదు, బాగానే ఉంది.

పని చెప్పడానికి పెద్ద కష్టమేమీ కాదు. మామూలు ఉపగ్రహ చిత్రం మబ్బు పడితే పనికిరాదు, వరదేమో మబ్బు లేకుండా రాదు. రాడార్ అలా కాదు. పైనుంచి ఏటవాలుగా తనే తరంగాలు పంపుతుంది, మబ్బులోంచి దూసుకొచ్చి నేలకు తగిలి వెనక్కి ఎంత వచ్చాయో కొలుచుకుంటుంది. ఎగుడుదిగుడు నేల, చెట్లు, ఇళ్ళు కొంత వెనక్కి పంపుతాయి, కాబట్టి అవి తెల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తాయి. గాలి లేని నీళ్ళు నున్నటి గచ్చులాంటివి. తగిలిన తరంగం అవతలికి జారిపోతుంది, వెనక్కి ఏమీ రాదు, అక్కడ నల్లగా ఉంటుంది. వెనక్కి వచ్చినదాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తాం. ఒక అంకె దగ్గర గీత గీసి, గీతకు దిగువున్నదంతా నీళ్ళు, ఎగువున్నదంతా నేల అంటాం.

గీత గీసేముందు చిత్రాన్ని శుభ్రం చెయ్యాలి. రాడార్ చిత్రం ఎప్పుడూ నూక చల్లినట్టు ఉంటుంది. ఒకే మడిలో ఒక చుక్క నల్లగా, పక్క చుక్క తెల్లగా. అది మడి తప్పు కాదు, తరంగాలు ఒకదాంతో ఒకటి కలిసి వచ్చే తీరే అంత. ప్రతి చుక్కనీ చుట్టుపక్కల చుక్కలతో కలిపి సగటు తీస్తే ఆ నూక సద్దుమణుగుతుంది. ఎన్ని చుక్కల కిటికీ పెట్టి సగటు తియ్యాలన్నది మనిష్టం. పెద్ద కిటికీ పెడితే చిత్రం నున్నగా, చూడముచ్చటగా వస్తుంది. నాకప్పట్లో నున్నటి చిత్రాలంటే మోజు.

ఆ మోజుకు ఇంకో కారణం ఉంది. ఇప్పుడు చెప్పబోయే వరదకు రెండేళ్ళ ముందు వచ్చిన వరదల్లో నేనిచ్చిన పటంలో బారువ సముద్రపొడ్డు మొత్తం మునిగిపోయినట్టు వచ్చింది. మునిగింది లేదు, ఏమీ లేదు. పొడి ఇసక కూడా తరంగాల్ని వెనక్కి సరిగా పంపదు, నీళ్ళలాగే నల్లగా ఉంటుంది. నేను చూసుకోలేదు. మా ఆఫీసర్ సార్ మీటింగులో అందరి ముందూ పటం ఎత్తి చూపించి, "ఏమ్మా, వలలు ఎక్కడ ఆరబెట్టుకోమంటావు వాళ్ళని?" అన్నారు. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇకమీదట నీళ్ళు లేనిచోట నీళ్ళున్నాయని నా పటం చెప్పకూడదని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నదాన్ని పట్టుకుని వేలాడటం నా స్వభావం. నీళ్ళు ఉన్నచోట లేవని చెప్పడం అంతకన్నా పెద్ద తప్పని మాత్రం అప్పట్లో తోచలేదు.

ఈ సంగతి జరిగిన ఏడు వరి కోతకొచ్చాక వాయుగుండం పట్టింది. పెద్ద గాలి లేదుగానీ మూడు రోజులు తెరిపి లేకుండా వాన. వాన ఆగిన మర్నాడు, గురువారం తెల్లవారగానే ఉపగ్రహం మా మీదుగా వెళ్ళింది. అది పన్నెండు రోజులకోసారి వస్తుంది, ఆ రోజే రావడం మా అదృష్టం. గాలి కూడా లేదు, నీటి మీద అల లేదు, కాబట్టి నీళ్ళు చక్కగా నల్లగా వచ్చాయి. పెద్ద కిటికీ పెట్టి సగటు తీశాను. చుక్కల విలువలన్నీ గ్రాఫు వేస్తే రెండు మూపురాలు వచ్చాయి, ఒకటి నీళ్ళది, ఒకటి నేలది. రెంటి మధ్య లోయ మైనస్ పదహారు దగ్గర పడింది. గీత అక్కడ గీయాలి. నేను బారువను తలుచుకుని, అనుమానమున్నదేదీ నీళ్ళలో చేరకుండా మైనస్ పద్దెనిమిదికి దించాను. ఇసక తీరాన్ని వేరే పొరతో కప్పేశాను. ఏడాది పొడుగునా తడారని లోతట్టు నేలను మా వైపు బీల అంటారు. సోంపేట దగ్గర పెద్ద బీల ఉంది. అందులో ఎప్పుడూ ఉండే నీళ్ళు వరద కావు కదా, వాటినీ తీసేశాను. మిగిలిన పటం ఎవరూ వేలెత్తి చూపలేనంత పద్ధతిగా ఉంది.

పంపేముందు నాలుగైదు ఊళ్ళకు ఫోన్ చేసి సరిచూసుకోవడం అలవాటు. బీల ఒడ్డున మా పిన్ని ఉంది. అమ్మకు పినతండ్రి కూతురు. భర్త పోయాక మడులు కౌలుకు తీసుకుని ఒక్కతే చేసుకుంటోంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే, ఊళ్ళో ఎవరి మడిలో ఏముందో తెలిసేదీ ఆవిడకే. పటంలో వాళ్ళ ఊరి పొలాలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. ఫోన్ చేశాను.

"పిన్నీ, మీ వైపు మడులు మునిగాయా?"

"మునగనేదమ్మా. దేవుడి దయవల్ల ఒక్క మడీ మునగనేదు. నువ్వెలాగున్నావు, పిల్లకి జొరం తగ్గినాదా?"

పాప జ్వరం గురించి రెండు నిమిషాలు మాట్లాడాను, మడుల గురించి ఇంకో మాట అడగలేదు. పటం పక్కన టిక్కు పెట్టుకుని శుక్రవారం మధ్యాహ్నానికి సార్‌కి పంపేశాను. పంట నష్టం రాసుకునే బృందాలు ఏ ఊళ్ళకి వెళ్ళాలో ఆ పటం చూసి జాబితా వేశారు. మూడు మండలాల్లో నలభై పైచిలుకు ఊళ్ళు. పిన్నివాళ్ళ ఊరు అందులో లేదు. సార్ ఫోన్ చేసి, "ఈసారి శుభ్రంగా ఉందమ్మా" అన్నారు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆదివారం పదకొండింటికి పిన్ని ఫోన్ వచ్చింది. చర్చి అయిపోయి బయటికొచ్చినట్టుంది, వెనక నలుగురి మాటలు వినిపిస్తున్నాయి.

"ఏటమ్మా, మా ఊరు లిస్టులో నేదట. మా ఊరి కాడికి ఎవులూ రారట. నువ్వే కదా గీసినావు?"

"మునగలేదన్నావు కదా పిన్నీ."

"మునగనేదు. నీరు కట్టినాది. అయిదు రోజులయినాది, దిగనేదు. కాళ్ళు కుళ్ళిపోతన్నాయి పంటకి."

"నీళ్ళుంటే మరి మునగలేదంటావేంటి?" నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదే వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

"ఎన్ను ములిగితే మునిగినాదంటాం. ఎన్ను పైనున్నాది. నానున్నమాటే సెప్పినాను. అబద్దం సెప్పమన్నావేటి?"

ఎన్ను అంటే కంకి. నేను టెక్కలిలో పుట్టి పెరిగినదాన్ని, మడిలో దిగినదాన్ని కాదు. మా ఆఫీసులో ముంపు అంటే పొలంలో ఉండకూడని నీళ్ళు నిలవడం. బీల ఒడ్డున మునగడం అంటే కంకితో సహా కనబడకుండా పోవడం. మోకాలి లోతు నీళ్ళు నిలిచినా కంకి పైకుంటే వాళ్ళ భాషలో మడి మునగనట్టే. ఇది ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. నేను మాత్రం ఒక్క మాట అడిగి, ఆ మాటకు నా అర్థం తగిలించుకుని టిక్కు పెట్టుకున్నాను.

కానీ ఒకటి మింగుడు పడలేదు. పిన్ని మాట సరే, రాడార్ ఎలా మోసపోయింది? మోకాలి లోతు నీళ్ళుంటే చిత్రంలో నల్లగా కదా ఉండాలి.

సోమవారం సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాను. సోంపేటలో దిగి ఆటో పట్టుకుని బీల వైపు వెళ్ళాను. కొబ్బరి తోటలు దాటి పొలాల్లోకి రాగానే ఆటో అతను ఆపేసి, "ఇక్కడికే అమ్మా, ముందుకి పోదు" అన్నాడు. గట్టు మీద పిన్ని చీర మోకాళ్ళపైకి దోపుకుని నిలబడి ఉంది. పలకరింపూ లేదు, కాఫీ తాగావా అన్న మాటా లేదు. "దిగు" అంది.

చెప్పులు విప్పి దిగాను. గట్టు మీంచి చూస్తే పంట బాగానే ఉన్నట్టుంది, పసుపుపచ్చగా నిటారుగా నిలబడి ఉంది. దిగితే నీళ్ళు మోకాలు దాటాయి. నిలవ నీళ్ళు, వెచ్చగా, కుళ్ళు వాసన. బీల నీళ్ళు సముద్రంలోకి పోయే దారిని మొగ అంటారు. అది ఇసకతో పూడుకుపోయి నీళ్ళు వెనక్కి తన్నాయి. పండి బరువెక్కిన కంకులు కిందికి వాలి కొసలు నీళ్ళకు తగులుతున్నాయి. పిన్ని ఒకదాన్ని పట్టుకుని నా ముందుకు వంచింది. కొసనున్న గింజలకు తెల్లటి మొలకలొచ్చాయి.

"మొదలు మెత్తబడిపోనాది. ఇయ్యాళో రేపో పడిపోతాది. అప్పుడు నీ కంప్యూటర్‌కి మునిగినట్టు అగపడతాదేమో" అంది.

నేను నీళ్ళలో అలాగే నిలబడిపోయాను. నా చుట్టూ నిలువు కాడలు, కింద అద్దంలాంటి నీళ్ళు. తరంగం ఏటవాలుగా వచ్చి నీటికి తగిలి, జారి అవతలికి పోబోతూ కాడకు తగులుతుంది, కాడ దాన్ని తిన్నగా వచ్చినవైపే తిప్పి కొడుతుంది. రెండు దెబ్బలు. నల్లగా ఉండాల్సినచోట మామూలుకన్నా ఎక్కువ తెల్లగా ఉంటుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. చదువుకున్నప్పుడు బొమ్మ కూడా గీశాను, పరీక్షలో రాశాను. నీళ్ళలో మునిగిన అడవుల గురించి రాశాను. వరి కాడ కూడా కాడే అని ఆరేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. అంటే రాడారూ పిన్నీ ఒకటే చెప్పారు. కంకి మునిగితేనే మునిగినట్టు. ఇద్దరూ నిజమే చెప్పారు, వినడం రానిది నాకు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ నీళ్ళలో నిలబడి ఏడ్చాను కూడా. 

పిన్ని అడిగింది. "కోసీమంటావా, ఉంచమంటావా? అది సెప్పు."

అసలు ప్రశ్న అదే. ఇప్పుడు కోస్తే నీళ్ళలో నిలబడి పైకంకులు కోసుకుని గట్టుకు మోసుకుని ఆరబెట్టుకుంటే, తినడానికి ఎంతో కొంత మిగులుతుంది. కానీ కోశాక బృందం వస్తే చూపించడానికేమీ ఉండదు. నష్టం జాబితాలో పేరు ఎక్కకపోతే సాయమూ రాదు, వచ్చే పంటకు విత్తనాలూ రావు. ఉంచితే, బృందం రాకపోతే, ఉన్నదీ కుళ్ళిపోతుంది. ఆగమంటే ఆ పంట నా నోటి మాట మీద ఆగుతుంది.

"రెండు రోజులు ఆగగలవా పిన్నీ? వస్తారని మాటివ్వలేను. ప్రయత్నం మాత్రం చేస్తాను."

పిన్ని పొలం వైపు చూసింది. "సగం కోత్తాను. ఎగువ మడి ఉంచుతాను. రెండ్రోజులు. మూడోనాడు నిన్నడగను, కోసీత్తాను" అంది.

అదే బస్సులో పలాస తిరిగొచ్చి సాయంత్రానికి ఆఫీసులో కూర్చున్నాను. మొదట బుర్ర తక్కువ పని చేశాను. గీతను పైకి జరిపాను. మైనస్ పదహారు, పద్నాలుగు, పన్నెండు. జరిపేకొద్దీ తారు రోడ్లు నీళ్ళయ్యాయి, ఖాళీ చేలు నీళ్ళయ్యాయి, కప్పెట్టిన పొర కింద బారువ ఇసక మళ్ళీ నల్లబడింది. పిన్ని మడి మాత్రం కదల్లేదు. అది మైనస్ ఎనిమిది దగ్గర హాయిగా కూర్చుని ఉంది. గీత ఎటు జరిపినా అక్కడి నీళ్ళు దొరకవని అప్పుడు ఒప్పుకున్నాను.

మంగళవారం పొద్దున్నే సార్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. పటం తప్పు, తప్పు నాది, సరిచేస్తాను, జాబితా మళ్ళీ వెయ్యాలి అన్నాను. ఆయన చెడ్డవారు కాదు. కానీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ ఊళ్ళో మీ బంధువులున్నారు కదూ?"

"మా పిన్ని ఉంది సార్."

"మీ పిన్ని పొలం పటంలో లేదు, కాబట్టి పటం తప్పు. బయటివాళ్ళు ఇలాగే అంటారమ్మా. నేను అనను. నన్ను అడిగితే ఏం చెప్పాలి?"

ముఖం మీద కొట్టినట్టయింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా దగ్గర సమాధానం ఉండాలి, లేకపోతే లేచి రావాలి. "ఆ ఊరు చూడకుండా చేస్తాను సార్. డివిజను మొత్తానికి ఒకటే పద్ధతి. అందులో ఆ ఊరు వస్తే వస్తుంది, రాకపోతే రాదు. రేపు మధ్యాహ్నానికి ఇస్తాను" అన్నాను. లేచి వచ్చేశాను. 

పద్ధతి ఇది. అదే దారిలో, అదే కోణంలో, పన్నెండు రోజుల ముందు తీసిన చిత్రం నా దగ్గర ఉంది. అప్పటికి వరి పండి, మడుల్లో నీళ్ళు తీసేశారు. వరద రోజు చిత్రాన్ని దాని పక్కన పెట్టి, వరి ఉన్నచోట ఎక్కడ తెలుపు పెరిగిందో చూడాలి. ఎక్కువ పెరిగినచోట కాడల కింద నీళ్ళున్నట్టు. వినడానికి తేలిక. చేస్తే సగం డివిజను తెల్లబడి కూర్చుంది. వాన కురిశాక నేల తడిసింది కదా, తడి నేల కూడా పొడి నేలకన్నా ఎక్కువ వెనక్కి పంపుతుంది. పైగా నూక. ఒక్కో చుక్క ఒక్కో రోజు ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది, రెండు చిత్రాలు పోల్చితే ఆ గంతులు ఇంకా పెద్దవవుతాయి. కిటికీ చిన్నది పెడితే గంతులు తగ్గలేదు. నేను మురిసిపోయిన పెద్ద కిటికీ పెడితే మడీ గట్టూ కాలవా అన్నీ కలిసి గంజి అయిపోయాయి. చివరికి మధ్యస్థం కిటికీతో, అంచులు చెరపని రకం వడపోత పెట్టాను. అది చుట్టుపక్కలంతా ఒకే తీరుగా ఉంటే సగటు తీస్తుంది, మధ్యలో గట్టులాంటి అంచు తగిలితే సగటు మానుకుని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. రెండు చిత్రాలకూ ఒకే వడపోత.

ఎంత పెరిగితే నీళ్ళనాలి అన్నది మిగిలింది. అది కంప్యూటర్ చెప్పదు. మంగళవారం మధ్యాహ్నం నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు, టెక్కలి వైపు ఊళ్ళు, కావాలనే పిన్నివాళ్ళ ఊరు వదిలేసి. ఈసారి మునిగిందా అని ఒక్కరినీ అడగలేదు. "గురువారం పొద్దున్న మడిలో దిగితే నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి?" అని అడిగాను. ఎంత తేడా అంటే, మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మునగలేదన్న మనిషే ఈసారి, "పిక్కదాకా ఉన్నాయమ్మా" అన్నాడు. ఒకావిడ, "తడే గానీ నీరు నేదు, పాదం కూడా మునగదు" అంది. ఒకాయన, "ఇన్నాళ్ళకి అడగడం నేరిసినావు" అన్నాడు. ఎవరో కూడా నాకు తెలియదు, నన్నెందుకన్నాడో ఆయనకూ తెలియదు, కానీ ఆ మాట సరిగ్గా తగిలింది.

చెప్పిన ప్రతి మడినీ పటం మీద వెతికి, పక్కన పెరుగుదల రాసుకున్నాను. ఉత్త తడి ఉన్నచోట్ల ఒకటి, ఒకటిన్నర డెసిబెల్స్ పెరిగింది. పిక్కలకు పైన నీళ్ళున్నచోట్ల మూడు దాటింది. మధ్యలో గీత గీసుకునేంత ఖాళీ ఉంది. మూడు దగ్గర గీశాను. ఒక ఊళ్ళో గీత నీళ్ళున్నాయంది, అక్కడివాళ్ళు లేవన్నారు. మళ్ళీ చూస్తే అది వరి కాదు, జీడితోట. తోటల పొర సరిచేశాను. అంతా అయ్యాక, బుధవారం పదింటికి, మొదటిసారి సోంపేట బీల వైపు పటం జరిపాను.  బీల ఒడ్డున, నేను పొడి నేలగా వదిలేసినచోట, నీళ్ళ రంగు పట్టీలాగా సాగి ఉంది. పిన్ని మడి దగ్గర పెరుగుదల నాలుగు.

పటంతో పాటు ఒక పేజీ రాసి సార్‌కి ఇచ్చాను. మొదటి పటంలో ఏం తప్పింది, ఎందుకు తప్పింది, ఎవరు తప్పారు అన్నీ రాశాను. ఏయే ఊళ్ళకు ఫోన్ చేశానో, ఎవరు ఏ లోతు చెప్పారో, పద్ధతి ఎక్కడ పనిచెయ్యదో కూడా రాశాను. పిన్ని సంగతి కూడా ఒక వాక్యం రాశాను. ఆయన రెండుసార్లు చదివారు.

"మీ పిన్ని గురించి రాయకపోతే ఏం పోయేది?"

"రేపెవరైనా అడిగితే మీ దగ్గర సమాధానం ఉండాలి కదా సార్."

ఆయన నవ్వలేదు. సంతకం పెట్టి ఫోన్ అందుకున్నారు. జాబితాలో ఎనిమిది ఊళ్ళు చేరాయి, అందులో పిన్నివాళ్ళది ఒకటి. బృందం మర్నాడు బయల్దేరుతుందన్నారు. పిన్నికి ఫోన్ చేస్తే, "సరే" అని పెట్టేసింది.

గురువారం నేనూ బృందం జీపులో వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. ఊరివాళ్ళు బుధవారం పారలు పట్టుకెళ్ళి మొగ దగ్గర ఇసక తవ్వారట, నీళ్ళు చాలావరకు దిగిపోయాయి. మడుల్లో బురద, గట్ల మీద నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో తెలిపే చార. పిన్ని చెప్పినట్టే ఎగువ మడి ఉంచింది. అది రాత్రికి రాత్రి పడిపోయింది, పంటంతా బురదలో పడుకుని మొలకెత్తి ఉంది. కోసిన సగం గట్టు మీద చాపల్లో ఆరబెట్టి ఉంది, అందులో కూడా నల్లబడ్డ గింజలే ఎక్కువ. బృందంలో వచ్చిన అతను నీళ్ళెక్కడ అని అడగబోయి, పోయిన గురువారం నాటి పటం చేతిలో ఉంది కాబట్టి ఆగి, గట్టు మీద చార చూసి రాసుకున్నాడు. మడి పేరు, కౌలుదారు పేరు, పంట, నష్టం. పిన్ని వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టింది, అక్షరం అక్షరం దిద్దినట్టు.

నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ మాట చెబుదామని పిన్ని దగ్గరకు వెళ్ళాను. ఆవిడ నన్ను చూడటం లేదు, బీలకు అవతల కొబ్బరి తోటల వైపు చూస్తోంది.

"ఆ తోటల మద్దెన మడులున్నాయి. సన్నటియి, అయిదారు కుటుంబాలోళ్ళవి. ఆలకీ నీరు కట్టినాది. ఆల పేర్లున్నాయా నీ లిస్టులో?"

నాకు తెలుసు, లేవు. పద్ధతి పనిచెయ్యనిచోట్లు అని నేనే రాసిన పేరాలో మొదటి వాక్యం అదే. కొబ్బరి మట్టలు పైన కప్పుకుని ఉంటే ఈ తరంగాలు కిందికి దిగవు. చెట్ల మధ్య సన్నటి మడి ఎన్ని వడపోతలు పెట్టినా చెట్టులోనే కలిసిపోతుంది. ఇదంతా వివరంగా, ఓపిగ్గా చెప్పాను. పిన్ని చివరిదాకా విన్నది.

"అయితే రాడారుకి అగపడదు."

"అగపడదు పిన్నీ."

"సరే, దానికి అగపడదు. నీకు అగపడతాది కదా" అంది.

బృందం అతన్ని అరగంట ఆగమని బతిమాలాను. అతను గడియారం చూసుకుని, జీపు చూసుకుని, పదండి అన్నట్టు ఫారాల కట్ట చంకలో పెట్టుకున్నాడు. పిన్ని అప్పటికే చీర దోపుకుని తోటల వైపు బురదలోకి దిగింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఆవిడ వెనకే దిగాను.